చూసింది చెప్పండి, రోగం పేరు పెట్టకండి: దగ్గర్లోని చర్మ వైద్యులతో సెలూన్ రిఫరల్ ఏర్పాటు చేసుకోవడం ఎలా

నెత్తి వెనక భాగం, చెవుల వెనక, మెడ మీద జుట్టు మొదలయ్యే చోటు, అరికాళ్లు, కాలి గోళ్లు. ఇవి మనిషి తన కళ్లతో తాను సరిగా చూసుకోలేని చోట్లు. వాటిని మంచి వెలుతురులో, దగ్గర నుంచి, కొన్ని వారాలకోసారి చూసేది సెలూన్‌లో పనిచేసేవాళ్లు. అందుకే చర్మ వైద్యులకు సెలూన్‌తో నిజంగానే ఉపయోగం ఉంటుంది. అయినా చాలామంది డాక్టర్లు సెలూన్లకు దూరంగా ఉంటారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. బోర్డు మీద "మొటిమలు మాయం", "రాలిన జుట్టు మళ్లీ మొలిపిస్తాం" అని రాసి ఉన్న చోటికి తన పేరు అంటుకోవడం ఏ డాక్టరుకూ ఇష్టం ఉండదు. కాబట్టి పని క్లినిక్ తలుపు తట్టడంతో మొదలవదు, మీ బోర్డుతో మొదలవుతుంది.

ముందు మీ మాటలు సరిచేసుకోండి

ఒక సాయంత్రం కూర్చుని మీ బోర్డు, సర్వీసుల కార్డు, వాట్సాప్‌లో పంపే ఆఫర్లు, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు అన్నీ ముందు పెట్టుకోండి. ప్రతి వాక్యాన్నీ రెండు ప్రశ్నలు అడగండి. ఇందులో ఏదైనా రోగం పేరు గానీ లక్షణం పేరు గానీ ఉందా? శరీరం పనిచేసే తీరు మారుతుందని మాట ఇస్తున్నామా? రెండింటిలో ఏ ఒక్కదానికి అవునని జవాబొచ్చినా ఆ వాక్యం వైద్యం పరిధిలోకి వెళ్లినట్టే. సౌందర్య సాధనాల పని శుభ్రం చేయడం, అందంగా చూపించడం, రూపు మార్చడం. రోగాన్ని తగ్గిస్తుందనో రాకుండా ఆపుతుందనో అన్న క్షణం అదే సీసా మందు లెక్కలోకి వస్తుంది. చాలా దేశాల చట్టాలు గీసిన గీత కూడా దాదాపు ఇదే. సీసాలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, దాని గురించి మీరు ఏమన్నారన్నదీ అంతే ముఖ్యం.

"మొటిమల చికిత్స" అని రాసిన చోట "జిడ్డు చర్మానికి క్లెన్సింగ్ ఫేషియల్" అని రాయండి. "హెయిర్ ఫాల్ కంట్రోల్ స్పా" బదులు "తలకు మసాజ్, కండిషనింగ్, జుట్టు మెత్తగా మెరుస్తూ కనిపిస్తుంది" అంటే సరిపోతుంది. "మంగు మచ్చలు పోతాయి" అన్న వాక్యాన్ని మార్చడానికి ప్రయత్నించొద్దు, తీసేయండి. దానికి నిజాయితీ గల మెత్తని రూపం లేదు. "సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు", "ఏ చర్మానికైనా సరిపడుతుంది", "డాక్టర్లు మెచ్చినది" అనేవీ అంతే. చుండ్రు షాంపూ లాంటి వస్తువు మీద కంపెనీ ముద్రించిన మాట ఉంటే దాన్ని ఉన్నదున్నట్టు చదివి చూపించవచ్చు. దానికి మీ మాట ఒక్కటి కూడా కలపకండి.

ముందు, తర్వాత ఫొటోల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ మంచి మనసున్నవాళ్లు కూడా పొరపడతారు. చర్మ సమస్యలు, జుట్టు సమస్యలు చాలావరకు తమంతట తామే పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. గుండ్రంగా జుట్టు ఊడిన చిన్న మచ్చల్లో చాలా వాటికి ఏడాది లోపు ఏ మందూ లేకుండానే జుట్టు తిరిగి వస్తుంది. ప్రసవం తర్వాతో గట్టి జ్వరం తర్వాతో కొన్ని నెలలు విపరీతంగా రాలిన జుట్టు కూడా మామూలుగా కొన్ని నెలల్లో కుదుటపడుతుంది. ఆ మధ్యకాలంలో మీ దగ్గర ఆరు స్పాలు చేయించుకున్న మనిషి తలను ఫొటో తీసి పెడితే, ఫొటో అబద్ధం కాకపోయినా అది చెబుతున్న కథ అబద్ధం. హెయిర్ కట్, రంగు, మేకప్‌ల ఫొటోలు ఎన్నైనా పెట్టుకోండి. చర్మ సమస్య, జుట్టు రాలే సమస్య తగ్గినట్టు చూపే ఫొటోలన్నీ తీసేయండి.

ఎవరిని ఎప్పుడు పంపాలో రాసుకోండి

సిబ్బందికి రోగాల పేర్లు నేర్పించకండి. పేరు తెలిస్తే నోరు ఊరుకోదు. కంటికి కనిపించేవి, క్లయింట్ చెప్పేవి మాత్రమే నేర్పించండి. వాటిని తొందరను బట్టి మూడు గుంపులు చేస్తే చాలు.

మొదటి గుంపు చర్మ వైద్యుడి దాకా ఆగకూడనివి. రంగు వేసిన తర్వాతో వ్యాక్స్ తర్వాతో పెదాలు, నాలుక, ముఖం వాచి ఊపిరి ఆడటం కష్టమైతే నేరుగా అత్యవసర విభాగానికి పంపాలి. అక్కడ డాక్టరుకు చూపించే చీటీ రాస్తూ కూర్చోకూడదు. చర్మం ఎర్రగా వేడిగా ఉండి గంటగంటకూ పాకుతూ జ్వరం కూడా ఉంటే అదే రోజు ఏదో ఒక ఆసుపత్రిలో చూపించుకోవాలి.

రెండో గుంపు ఒకటి రెండు రోజుల్లో డాక్టరు చూడాల్సినవి. నుదుటి మీదో కంటి చుట్టో ఒక పక్కనే నొప్పితో నీటి పొక్కులు లేస్తే ఆలస్యం చేయకూడదు. ఆ తరహా పొక్కులు మొదలైన 72 గంటల లోపు వేసుకుంటే వాటికి ఇచ్చే మందులు బాగా పనిచేస్తాయి, కన్ను దగ్గరుంటే ఇంకా జాగ్రత్త కావాలి. పిల్లల తల మీద మెత్తగా, చీము పట్టినట్టు ఉబ్బి, వెంట్రుకలు ఊడొస్తున్న గడ్డ కనిపించినా అంతే. అలాంటిది ఆలస్యమైతే అక్కడ మచ్చ పడి జుట్టు ఎప్పటికీ రాకపోవచ్చు.

మూడో గుంపు వీలైనంత త్వరగా, అంటే వారం రెండు వారాల్లో అపాయింట్‌మెంట్ తీసుకోవాల్సినవి. ఈమధ్య పెరిగిన పుట్టుమచ్చ, లేదా రంగు మారినది, అంచులు గజిబిజిగా ఉన్నది, 6 మిల్లీమీటర్లు దాటినది. కొన్ని వారాలైనా మానకుండా పక్కు కట్టి మళ్లీ రక్తం కారే పుండు. గుండ్రంగా జుట్టు ఊడిన చోటు. వెంట్రుక కుదుళ్ల రంధ్రాలు కూడా కనిపించకుండా నున్నగా మెరుస్తున్న నెత్తి. పెడిక్యూర్ చేసేవాళ్లు ఒకటి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఒకే ఒక్క గోరు కింద కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్లని గీత, లేదా ఆ నలుపు గోరు దాటి పక్క చర్మం మీదికి పాకడం. నల్లని చర్మం ఉన్నవాళ్లలో చాలా గోళ్లకు గీతలుండటం మామూలే, అవి చాలావరకు హాని లేనివి. ఒక్క గోరుకే, అదీ మారుతూ ఉంటే మాత్రం దాని మీద జెల్ పాలిష్ వేసి కప్పేయకూడదు.

ఈ మూడింటిలోకీ రానివి పంపకండి. ఏడాదికి నాలుగు మొటిమలు వచ్చే పిల్లనీ, మామూలు చుండ్రునీ రోజూ పంపిస్తూ పోతే పది రోజుల్లో మీ చీటీకి క్లినిక్‌లో విలువ పోతుంది.

డాక్టర్ని కలవడం

ఒక్కరిని కాదు, ఇద్దరు ముగ్గురిని ఎంచుకోండి. క్లయింట్‌కు ఎంపిక ఉండాలి, మీకూ ఒకరి మీద ఆధారపడే అవసరం ఉండకూడదు. వెళ్లే ముందు వాళ్ల పేరు మీ ప్రాంతపు వైద్య మండలి రిజిస్టర్‌లో ఉందో లేదో, చర్మ వైద్యంలో పట్టా ఉందో లేదో చూసుకోండి. కాస్మెటాలజిస్ట్, ట్రైకాలజిస్ట్, స్కిన్ ఎక్స్‌పర్ట్ అన్న బోర్డులు చూసి వాళ్లంతా డాక్టర్లే అనుకోకండి. ఆ పేర్లతో పనిచేసేవాళ్లలో వైద్యం చదవని వాళ్లూ ఉంటారు.

ఓపీ అయిపోయే వేళకు, పదిహేను నిమిషాలు కావాలని ముందే అడిగి వెళ్లండి. ఒక కాగితం తీసుకెళ్లండి. అందులో మీరు చేసే సర్వీసులు, వాడే రంగులు, పీల్‌లు, వ్యాక్స్‌ల పేర్లు, దువ్వెనలూ కత్తెరలూ ఎలా శుభ్రం చేస్తారన్నదీ, మీరు చేయనివేమిటో స్పష్టంగా ఉండాలి. "మేము రోగం పేరు చెప్పం, మందులు అమ్మం, వాడుతున్న మందు ఆపమనీ మార్చమనీ చెప్పం" అన్న వాక్యం ఆ కాగితంలో అన్నిటికంటే పైన ఉండనివ్వండి. డాక్టరు ముందుగా చూసేది దాన్నే.

ఆ పదిహేను నిమిషాల్లో "మాకు పేషెంట్లను పంపండి" అని అడగకండి. మూడు విషయాలు అడగండి. మా మూడు గుంపుల జాబితాలో మీరు ఏమి మారుస్తారు? మీ దగ్గరికి వచ్చే ముందు క్లయింట్ ఏమి చేయకూడదు? మీ దగ్గర చికిత్స తీసుకుంటున్నవాళ్లకు మేము ఏమి చేయకూడదు? రెండో ప్రశ్నకు వచ్చే జవాబులు చాలా పనికొస్తాయి. ఉదాహరణకు ఫంగస్ అనుమానం ఉన్న చోట నుంచి పొట్టు గీకి పరీక్షకు పంపాలంటే, అంతకుముందే యాంటీఫంగల్ క్రీమ్ రాసుకుని ఉంటే పరీక్షలో ఏమీ దొరక్కపోవచ్చు. అందుకే "వెళ్లే ముందు దుకాణంలో ఏదో క్రీమ్ కొని రాసుకోకండి" అన్న ఒక్క మాట మీ సిబ్బంది చెప్పగలిగితే డాక్టరు పని సగం తేలికవుతుంది. ముఖానికి నెలల తరబడి రాసుకుంటున్న క్రీమ్ ఉంటే ఆ ట్యూబ్‌ను తీసుకెళ్లమని చెప్పడం కూడా అలాంటిదే. తెల్లబడతామని రాసుకునే క్రీముల్లో స్టెరాయిడ్ ఉండి చర్మం పలచబడి ఎర్రబడిన కేసుల్లో డాక్టరు మొదట అడిగేది ఆ ట్యూబే.

డబ్బు చేతులు మారకూడదు

దీన్ని మొదటి రోజే నోటితో చెప్పండి, తర్వాత కాగితం మీదా పెట్టండి. పంపిన ఒక్కో మనిషికి ఇంత అని క్లినిక్ నుంచి తీసుకోకూడదు, క్లినిక్‌కు ఇవ్వకూడదు. అందులోకి ఉచిత ఫేషియల్ కూపన్లు, పండగ బహుమతులు, "మా కార్డు చూపిస్తే కన్సల్టేషన్‌లో తగ్గింపు" అనేవీ వస్తాయి. రోగిని పంపినందుకు కమిషన్ ఇవ్వడం, తీసుకోవడం వైద్య వృత్తి నియమాలు చాలా చోట్ల నిషేధించినవి, కొన్ని దేశాల్లో అది నేరం కూడా. నియమం సంగతి పక్కన పెట్టినా దీనివల్ల జరిగే నష్టం కళ్లముందే కనిపిస్తుంది. డబ్బు వస్తుందని తెలిశాక మీ సిబ్బంది కంటికి ప్రతి పుట్టుమచ్చా అనుమానంగానే కనిపిస్తుంది. క్లయింట్‌కు ఆ సంగతి తెలిసిన రోజు మీరు నిజంగా భయపడి చెప్పిన మాటనూ నమ్మరు.

డాక్టరు తన క్లినిక్‌లో అమ్మే క్రీములు మీ కౌంటర్ మీద పెట్టి అమ్మమన్నా మర్యాదగా వద్దనండి. మీ గోడ మీద డాక్టరు పేరు, ఫొటో పెట్టకండి. రాతపూర్వకంగా అనుమతి ఇచ్చినా నా సలహా ఇదే, ఎందుకంటే గోడ మీది పేరు మీ ఫేషియల్‌కు కూడా ఆ డాక్టరు హామీ ఇచ్చినట్టు కనిపిస్తుంది. పేర్లు చీటీ వెనకాల ఉంటే చాలు.

చీటీలో ఏముండాలి

అరచేతిలో పట్టేంత కాగితం. తేదీ, ఎక్కడ చూశారు, ఎంత పరిమాణం, ఎలా కనిపించింది, క్లయింట్ ఏం చెప్పారు, ఆ రోజు ఏ సర్వీసు చేశారు లేదా ఆపారు, ఈమధ్య సెలూన్‌లో ఏ రసాయనాలు వాడారు. కింద ముద్రించి ఉండాల్సిన వాక్యం: "ఇది రోగ నిర్ధారణ కాదు. మేము చూసింది మాత్రమే రాశాం." వెనకవైపు ఇద్దరు ముగ్గురు డాక్టర్ల పేర్లు అక్షర క్రమంలో, దాని కింద "మీకు నచ్చిన ఏ చర్మ వైద్యుడి దగ్గరికైనా వెళ్లవచ్చు" అన్న మాట.

చీటీ క్లయింట్ చేతికే ఇవ్వండి. క్లయింట్‌కు తెలియకుండా క్లినిక్‌కు ఫోన్ చేసి "ఫలానా ఆవిడ వస్తారు" అని చెప్పకూడదు. ఫొటో కావాలంటే వాళ్ల ఫోన్‌లోనే, వాళ్లు అడిగితేనే తీయండి. మీ సిబ్బంది ఫోన్లలో ఎవరి నెత్తి ఫొటోలూ ఉండకూడదు. అలాగే డాక్టరు కూడా "మీరు పంపినావిడకు ఫలానా ఉంది" అని మీకు చెప్పరు, చెప్పకూడదు. అలా చెప్పే డాక్టరైతే జాబితాలో నుంచి తీసేయడమే మంచిది.

ఒక సందర్భం మొదటి నుంచి చివరి దాకా

రూట్ టచప్‌కు ఒకావిడ వచ్చిందనుకోండి. ముప్పై అయిదేళ్లుంటాయి. రంగు కోసం జుట్టు పాయలు తీస్తుండగా కుడి చెవికి పైన, వెనక్కి, బొటనవేలి గోరు రెండింతలంత గుండ్రటి చోటు కనిపించింది. అక్కడ వెంట్రుక లేదు. చర్మం నున్నగా ఉంది, పొట్టు లేదు, ఎరుపు లేదు. ఆవిడకు ఆ సంగతే తెలియదు.

ఇక్కడ నోటి చివర సిద్ధంగా ఉండే మాట "అయ్యో, పేనుకొరుకుడు". ఆ మాట అనకూడదు. అది నిజమే అయ్యుండవచ్చు కూడా. కానీ గుండ్రంగా జుట్టు ఊడే కారణాలు ఇంకా ఉన్నాయి. ఫంగస్ అయితే పొట్టు, తెగిన వెంట్రుకలు ఉండటం మామూలు, ఇంట్లో పిల్లలకూ అంటవచ్చు. ఒకే చోట గట్టిగా లాగి కట్టడం వల్ల ఊడితే దారి వేరు. మచ్చ పడుతూ ఊడే రకమైతే కుదుళ్లు శాశ్వతంగా పోతాయి కాబట్టి అక్కడ నెలలు ముఖ్యం. ఇంకొన్నిటికి రక్త పరీక్ష కావాలి. మీరు ఒక పేరు పెట్టి పంపితే ఆవిడ ఆ పేరుతో వెతుక్కుని, ఎవరో చెప్పింది రుద్దుకుని, పుండు చేసుకుని రెండు నెలల తర్వాత డాక్టరు దగ్గరికి వెళుతుంది. అప్పటికి అసలు మచ్చ ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు.

స్టైలిస్ట్ చేతులాపి, పక్క కుర్చీకి వినపడకుండా, ఇలా చెబితే చాలు: "మేడమ్, కుడి చెవి వెనక ఒకచోట గుండ్రంగా జుట్టు లేదు. మీరు చూశారా? అద్దంలో చూపించనా?" చూపించాక ఆవిడ భయపడుతుంది. "ఏంటిది? క్యాన్సరా?" అని అడిగినా అడుగుతుంది. అప్పుడు "కాదులెండి, ఏమీ కాదు" అనడం కూడా రోగ నిర్ధారణే. ఆ ఓదార్పు మన చేతిలో లేదు. "అదేంటో నేను చెప్పలేనండీ, నాకు తెలిసిన పని కాదు. ఇలాంటి చోటు చర్మ డాక్టరు చూస్తే మంచిది. తొందర ప్రమాదమేమీ కనిపించడం లేదు గానీ వారం పది రోజుల్లో చూపించండి. ఈలోపు దాని మీద ఏమీ రాయకండి." తొందర ప్రమాదం లేదన్న మాట సొంత ధైర్యంతో అనేది కాదు. ఏది ఏ గుంపులోకి వస్తుందో డాక్టరుతో కూర్చుని ముందే ఒప్పుకున్నారు కాబట్టి అంటున్నారు.

తర్వాతి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే వస్తుంది: "మీ దగ్గర హెయిర్ గ్రోత్ ప్యాకేజీ ఏమైనా ఉందా?" మీ ఏర్పాటు నిలుస్తుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. ఆవిడ డబ్బు చేతిలో పట్టుకుని అడుగుతోంది. జవాబు: "జుట్టు మొలిపించేది మా దగ్గర ఏదీ లేదండీ. డాక్టరు చూశాక, ఆ చోటు కనపడకుండా కట్ చేయడం నా పని." ఆ వేళ రంగు వేయడం కూడా ఆపేయడమే నయం. రేపు ఆ చోటు ఎర్రబడితే రంగు వల్లో ముందునుంచీ ఉన్నదో డాక్టరు కూడా విడదీయలేరు.

చీటీ ఇలా ఉంటుంది: "కుడి చెవికి పైన వెనక్కి, సుమారు 3 సెంటీమీటర్ల గుండ్రటి చోటు, వెంట్రుక లేదు. నున్నగా ఉంది, పొట్టు, ఎరుపు కనిపించలేదు. దురద, నొప్పి లేవని చెప్పారు. ఎప్పటి నుంచో తెలియదు. ఆరు వారాల క్రితం కట్ చేసినప్పుడు మాకు కనిపించలేదు. అప్పుడు రంగు వేశాం. ఈ రోజు రంగు వేయలేదు." ఇందులో డాక్టరుకు బంగారం లాంటి వాక్యం ఆరు వారాల క్రితం లేదన్నది. ఎప్పుడు మొదలైందో రోగికి తెలియనప్పుడు ఆ సమాచారం ఇంకెక్కడా దొరకదు. నిజంగా చూసి ఉంటేనే రాయాలి, గుర్తులేకపోతే ఖాళీగా వదిలేయాలి.

ఆ తర్వాత కుర్చీ దగ్గర మీ పని ఉంది. ఆ దువ్వెనలు, క్లిప్పులు, కేప్ వెంటనే పక్కన పెట్టి కడిగి, మీ పద్ధతి ప్రకారం క్రిమిసంహారకంలో ముంచండి. కారణం తెలియని ప్రతిసారీ అంటుకునేదే అనుకుని శుభ్రం చేయడం మేలు. క్లయింట్ కళ్లముందు ముక్కు మూసుకున్నట్టు మాత్రం చేయకూడదు.

మూడు వారాల తర్వాత ఆవిడ తిరిగొచ్చి "డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు" అంటే, ఏ రోగమని అడగకండి. అడగాల్సింది వేరే ఉంది: "రంగు వేయొచ్చన్నారా? మసాజ్ చేయొచ్చన్నారా? ఆ చోటికి ఏమీ తగలకూడదా?" తెలియదంటే తదుపరి అపాయింట్‌మెంట్‌లో అడిగి రమ్మనండి, ఆ వేళకు పొడి కట్ మాత్రమే చేయండి. ఆర్నెల్లకు జుట్టు వచ్చిందా, సంతోషం. ఆ ఫొటో మీ పేజీలో వేయకండి.

డాక్టరు నుంచి మీ దగ్గరికి వచ్చేవాళ్లు

దారి రెండువైపులా నడిచేలా చూసుకుంటే ఏర్పాటు ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే డాక్టరు మీ దగ్గరికి పంపేది చికిత్సకు కాదు. మచ్చ కప్పే కట్, తెల్లమచ్చల మీద కామొఫ్లాజ్ మేకప్, విగ్గు అమర్చడం, చర్మం నాజూకుగా ఉన్న సమయంలో జాగ్రత్తగా చేయగల పనులు. ఇక్కడ మీరు తప్పకుండా పట్టుకోవాల్సినవి రెండున్నాయి.

ఒకటి మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు. ఆ మందుతో చర్మం పైపొర బలహీనపడుతుంది. వ్యాక్స్ లాగితే వెంట్రుకతో పాటు చర్మం కూడా లేచి వచ్చి మచ్చ పడవచ్చు. మందు వాడినన్నాళ్లూ, ఆపాక సాధారణంగా ఆరు నెలల దాకా వ్యాక్సింగ్ వద్దంటారు. ట్రెటినాయిన్, అడాపలీన్ లాంటి క్రీములు రాసుకునే చోటా ఇదే భయం ఉంది, ఎన్ని రోజులు ఆగాలో వాళ్ల డాక్టరే చెప్పాలి. కాబట్టి పై పెదవికి వ్యాక్స్ రాసే ముందు "మొటిమలకు ఏమైనా మాత్రలు గానీ క్రీములు గానీ వాడుతున్నారా?" అన్న ప్రశ్న ప్రతి క్లయింట్‌నూ ప్రతిసారీ అడగాలి. పోయిన నెల లేదన్నారు కదా అని వదిలేయకూడదు. అవునంటే వ్యాక్స్ ఆపండి, "మాత్రలు రెండు రోజులు మానేయండి" అని మాత్రం ఎప్పుడూ అనకండి.

రెండోది హెయిర్ డై అలర్జీ. నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే పదార్థం ఉంటుంది. ఇది పడని వాళ్లలో చాలామందికి రంగు వేసిన గంటలో ఏమీ కాదు. ఒకటి రెండు రోజులకు కనురెప్పలు ఉబ్బుతాయి, చెవుల అంచులు, మెడ, నుదురు దురదతో ఎర్రబడతాయి. ఆలస్యంగా వస్తుంది కాబట్టి చాలామంది తిన్నదేదో పడలేదనుకుంటారు. "మూడు రోజుల క్రితం రంగు వేసుకున్నారా?" అని మీరు అడిగి చీటీలో డై బ్రాండు, షేడు నంబరు రాస్తే డాక్టరుకు దారి దొరుకుతుంది. వాళ్లు వీపు మీద ప్యాచ్‌లు అంటించి, రెండు రోజులకు తీసి, మళ్లీ కొన్ని రోజులకు చూసి కారణం తేలుస్తారు. మీరు 48 గంటల ముందు చెవి వెనక చేసే చుక్క పరీక్ష దానికి సాటి రాదు. అలర్జీ ఉందని తెలిసినవాళ్లకు ఆ చుక్క పరీక్ష కూడా చేయకూడదు.

తేలిన తర్వాత డాక్టరు ఇచ్చే "ఇవి తగలకూడదు" అన్న పదార్థాల జాబితా మీ పనికి ఎంతో విలువైనది. క్లయింట్ అనుమతితో దాన్ని వాళ్ల కార్డులో ఉంచి, ప్రతి కొత్త డబ్బా వెనక ఉన్న పేర్లతో పోల్చి చూడండి. అమోనియా లేదని రాసి ఉంటే పీపీడీ లేనట్టు కాదు. హెర్బల్ అని రాసి ఉన్నా, నల్ల హెన్నా అని ఉన్నా కూడా అందులో ఉండవచ్చు. పీపీడీ లేని రంగుల్లో దాని దగ్గరి బంధువులుంటాయి, ఒకటి పడనివాళ్లలో కొందరికి రెండోదీ పడదు. ఈ అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. అందువల్ల "ఈసారి తక్కువ వేస్తాను, ఏం కాదు" అన్న మాటకు చోటు లేదు. డబ్బాలోని ఒక పేరు మీకు అర్థం కాకపోతే రంగు వేయకండి, పదార్థాల ఫొటో తీసి డాక్టరుకు చూపించుకోమనండి.

నడుస్తోందో లేదో చూసుకోవడం

పేర్లు లేని చిన్న పుస్తకం ఒకటి పెట్టండి. తేదీ, ఏ చోట ఏం చూశారు, ఏ గుంపు, చీటీ తీసుకున్నారా, తర్వాత వచ్చినప్పుడు డాక్టర్ని కలిశామన్నారా. మూడు నెలలకోసారి అది తీసుకుని డాక్టర్లను పది నిమిషాలు కలవండి. ఎవరి సంగతీ విడిగా మాట్లాడకుండా "మా చీటీల్లో అనవసరమైనవి వస్తున్నాయా? మీకు కావాల్సింది ఏమైనా లేకుండా పోతోందా?" అని అడగండి. మూడో గుంపు చీటీలే కుప్పలుగా వెళుతున్నాయంటే మీవాళ్లు భయపడి పంపుతున్నారన్నమాట. మూడు నెలల్లో ఒక్కటీ లేకపోతే, చూడటం మానేశారన్నా అనుకోవాలి, చెప్పడానికి మొహమాటపడుతున్నారన్నా అనుకోవాలి. చీటీ తీసుకున్నా చాలామంది వెళ్లడం లేదంటే చెప్పే తీరులో లోపముంది, లేదా జాబితాలోని క్లినిక్‌లలో అపాయింట్‌మెంట్ దొరకడం లేదు. ఆ రెండో సంగతి తేలాలంటే మీరే ఒకసారి ఫోన్ చేసి చూడండి.

క్లయింట్లు చెప్పే ఇంకో మాట మీద కూడా చెవి వేసి ఉంచండి. గోరు చూపించుకోవడానికి వెళ్తే లేజర్ ప్యాకేజీ అంటగట్టారని ఇద్దరు ముగ్గురు అన్నారంటే, ముందు ఆ డాక్టరుతో నేరుగా మాట్లాడండి. మారకపోతే ఆ పేరు తీసేసి కొత్త చీటీలు అచ్చు వేయించండి. కొత్తగా చేరిన స్టైలిస్ట్‌కు మొదటి వారంలోనే ఆ మూడు గుంపుల కాగితం ఇచ్చి, అద్దం ముందు నిలబెట్టి "అదేంటో నేను చెప్పలేనండీ" అన్న వాక్యాన్ని ఇబ్బంది లేకుండా అనడం వచ్చేదాకా అనిపించండి.